ఉద్యోగానికీ నిద్రకీ సరిపోయే టైమ్‌ఫ్రేమ్ ఏది? ఇంట్రాడే నుంచి వీక్లీ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

టైమ్‌ఫ్రేమ్ అంటే చార్టులో క్యాండిల్ సైజేనా?

చార్టు వరకు అంతే. మీ జీవితం వరకు వచ్చేసరికి, మీరు ఎన్నిసార్లు, ఏ గంటకి నిర్ణయం తీసుకోవాలన్నదే టైమ్‌ఫ్రేమ్. మన మార్కెట్ ఉదయం 9:15కి మొదలై మధ్యాహ్నం 3:30కి ముగుస్తుంది, అంటే 375 నిమిషాలు. ఐదు నిమిషాల చార్టు చూసేవాడి ముందు రోజుకి 75 క్యాండిల్స్ మూసుకుంటాయి, పదిహేను నిమిషాల చార్టయితే 25. డైలీ చార్టులో రోజుకి ఒక్కటే, అదీ 3:30కి. వీక్లీలో వారానికి ఒక్కటి, మామూలుగా శుక్రవారం సాయంత్రం.

క్యాండిల్ మూసుకున్నప్పుడే దాని సంగతి తేలుతుంది. అందుకే "ఏ టైమ్‌ఫ్రేమ్‌లో డబ్బులెక్కువ?" అనే ప్రశ్న కంటే "క్యాండిల్ మూసే సమయానికి నేను మెలకువగా, ఖాళీగా, ఫోన్ చేతిలో ఉండి, తల పనిచేసే స్థితిలో ఉంటానా?" అన్న ప్రశ్న ముందు అడగాలి. ఈ పేజీలో మిగతాదంతా దాదాపు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

తొమ్మిది నుంచి ఆరు దాకా ఉద్యోగం చేస్తూ ఇంట్రాడే కుదరదా?

కుదురుతుందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నా అభిప్రాయం మాత్రం కుదరదనే. కారణం మీకు తెలివి చాలకపోవడం కాదు, గంటలు ఢీకొనడం.

మన మార్కెట్లో కదలిక, వాల్యూమ్ ఎక్కువగా మొదటి ముప్పావుగంటలోనూ చివరి గంటలోనూ ఉంటాయి. ఆ మొదటి ముప్పావుగంటలోనే మీరు మెట్రోలోనో, ట్రాఫిక్‌లోనో, పదింటి కాల్‌కి ముందు నిన్నటి పని చూసుకుంటూనో ఉంటారు. స్టాండప్ కాల్ మ్యూట్‌లో పెట్టి పక్క స్క్రీన్‌లో పొజిషన్ చూసుకునేవాళ్లు హైటెక్ సిటీలో ఎంతమంది ఉన్నారో లెక్కతీస్తే మేనేజర్లకి నిద్ర పట్టదు. కాల్‌లో మీ పేరు పిలుస్తారు, అన్‌మ్యూట్ చేసి మాట్లాడతారు, నాలుగు నిమిషాలు పోతాయి. ఐదు నిమిషాల చార్టు మీద ఆడేవాడికి అది దాదాపు ఒక పూర్తి క్యాండిల్. మాట్లాడి వచ్చేసరికి ఎంట్రీ దాటిపోయి ఉంటుంది. దాటిపోయిందని తెలిసినా పై ధరకి వెంటపడి కొంటారు. స్టాప్‌లాస్ మాత్రం పాత చోటే పెడతారు కాబట్టి రిస్క్ మీకు తెలియకుండానే పెరిగిపోతుంది. ఉద్యోగుల ఇంట్రాడే నష్టాలు తరచుగా ఈ "ఆలస్యపు ఎంట్రీ" దగ్గరే పుడతాయి.

సాయంత్రం మరో చిక్కు. ఇంట్రాడే పొజిషన్ని మీరు మూయకపోతే బ్రోకరే మూసేస్తాడు. చాలామంది బ్రోకర్లకి ఆ సమయం 3:15 నుంచి 3:25 మధ్యలో ఉంటుంది, కొందరు దానికి విడిగా ఛార్జీ కూడా వేస్తారు. మూడింటికి రివ్యూ మీటింగ్ ఉంటే మీ ట్రేడ్ ముగింపు మీ చేతిలో లేనట్టే.

2024 జూలైలో సెబీ క్యాష్ మార్కెట్ ఇంట్రాడే మీద ఒక అధ్యయనం వెలువరించింది. 2022-23లో ఇంట్రాడే చేసిన వ్యక్తుల్లో ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారు. ఏడాదికి 500 కంటే ఎక్కువ ట్రేడ్‌లు చేసినవాళ్లలో నష్టపోయినవాళ్లు 80 శాతం. ట్రేడ్‌లు పెరిగిన కొద్దీ పరిస్థితి దిగజారుతోందన్న సంగతి గమనించండి, కింద లెక్కలో ఎందుకో కనిపిస్తుంది.

నాకు మధ్యాహ్నం షిఫ్ట్. పొద్దున మార్కెట్ టైమ్ అంతా ఖాళీయే. మరి నాకు ఇంట్రాడే సరిపోతుంది కదా?

గంటలు సరిపోతాయి, నిద్ర సరిపోతుందా అన్నది చూడాలి. ఉదాహరణకి ఒకబ్బాయి అనుకుందాం. టెస్టింగ్‌లో ఉద్యోగం, షిఫ్ట్ మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు. క్యాబ్ దిగి, తిని, కాసేపు ఫోన్ చూసి పడుకునేసరికి ఒకటిన్నర. ఏడున్నర గంటలు పడుకోవాలంటే లేవాల్సింది తొమ్మిదింటికి. మార్కెట్ తెరిచేది 9:15కి. అంటే ముఖం కడుక్కుంటూ మొదటి ఆర్డర్ వేయాలి. లేదా ఎనిమిదింటికి అలారం పెట్టి రోజుకో గంట నిద్ర కోసుకోవాలి.

నిద్ర తక్కువైనవాడు మార్కెట్ గమనాన్ని తప్పుగా చదువుతాడని కాదు. చదవడం బాగానే చదువుతాడు. ఆగడమే చేతకాదు. నష్టంలో ఉన్న పొజిషన్ని స్టాప్ దగ్గర వదలడానికి, రెండు ట్రేడ్‌లు పోయాక మూడోది వేయకుండా ఉండటానికి కావలసిన ఓపిక నిద్ర నుంచే వస్తుంది. దానికితోడు ఈ అబ్బాయి ఒంటిగంటకల్లా క్యాబ్ ఎక్కాలి, అంటే తెరిచి ఉన్న పొజిషన్ని ఫోన్లో పట్టుకుని ఎక్కాలి.

అతను నిజంగా ఇంట్రాడే చేయాలనుకుంటే ఒక మార్గం ఉంది. మొదటి అరగంట వదిలేయడం, 9:45 నుంచి 12 వరకు పదిహేను నిమిషాల చార్టు మీద ఒక్క ట్రేడ్, 12:15కి లాభమైనా నష్టమైనా మూసేయడం. పన్నెండున్నర తర్వాత ఏ పొజిషనూ ఉండకూడదన్న నియమం లేకపోతే ఈ ఏర్పాటు పనిచేయదు. అయితే ఇంత చేసి మిగిలేది ఎంత అన్నది కింది ప్రశ్నలో చూడండి.

ఒక్కో ట్రేడ్‌లో రిస్క్ ఒకటే పెట్టుకుంటే ఏ టైమ్‌ఫ్రేమ్ అయినా ఒకటే కదా?

ఈ ప్రశ్నకి పూర్తిగా లెక్క వేసి చూడటమే మంచిది.

ఖాతాలో 2 లక్షలు ఉన్నాయి. ఒక్కో ట్రేడ్‌లో పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డది ఒక శాతం, అంటే 2,000 రూపాయలు. షేరు ధర 800. రోజు మొత్తంలో ఆ షేరు సగటున 20 రూపాయలు ఊగుతుంది. చార్టులో ఏటీఆర్ అనే ఇండికేటర్ పెడితే ఈ అంకె కనిపిస్తుంది. స్టాప్‌లాస్‌ని ఆ ఊపుకి రెండింతల దూరంలో పెడదాం, లేకపోతే మామూలు కుదుపుకే తెగిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. సమయం ఎన్ని రెట్లు పెరిగితే ఊపు అన్ని రెట్లు పెరగదు, సుమారుగా దాని వర్గమూలం అంత పెరుగుతుంది. వారంలో ఐదు రోజులుంటే వారపు ఊపు రోజు ఊపుకి రెండు రెట్లకి కాస్త పైన ఉంటుంది, అంటే దాదాపు 45 రూపాయలు. పదిహేను నిమిషాల క్యాండిల్స్ రోజుకి 25 కాబట్టి, ఒక్కోదాని ఊపు రోజు ఊపులో ఐదో వంతు, అంటే 4 రూపాయలు. ఇది అంచనా మాత్రమే. మీ షేరుకి అసలు అంకెలు చార్టులోనే చూసుకోండి.

డైలీ చార్టు మీద స్టాప్ 40 రూపాయల దూరం. 2,000ని 40తో భాగిస్తే 50 షేర్లు, పెట్టుబడి 40,000. వీక్లీ మీద స్టాప్ 90 రూపాయల దూరం, 22 షేర్లు, పెట్టుబడి 17,600. పదిహేను నిమిషాల చార్టు మీద స్టాప్ 8 రూపాయలే, 250 షేర్లు, విలువ 2 లక్షలు. ఖాతా మొత్తం ఒక్క షేరులో దిగిపోయింది! ఇంట్రాడేలో బ్రోకర్ ఐదింతల దాకా మార్జిన్ ఇస్తాడు కాబట్టి ఖాతాలోంచి 40,000 మాత్రమే కట్ అవుతుంది, మిగతాది కళ్లకి కనిపించదు. టైమ్‌ఫ్రేమ్ తగ్గిన కొద్దీ అదే రిస్క్‌కి పెద్ద పొజిషన్ కావలసి వస్తుంది. ఇంట్రాడే, అప్పు మార్జిన్ ఎప్పుడూ జంటగా తిరగడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఖర్చులు. ఇంట్రాడేకి ఆర్డర్‌కి 20 రూపాయలు, డెలివరీకి బ్రోకరేజీ లేదు అనుకుందాం. బ్రోకర్ని బట్టి ఇది మారుతుంది. ఇంట్రాడేలో అమ్మేటప్పుడు మాత్రమే 0.025 శాతం ఎస్‌టీటీ పన్ను. డెలివరీలో కొన్నా అమ్మినా 0.1 శాతం. స్టాంప్ డ్యూటీ, ఎక్స్ఛేంజ్ ఛార్జీ, జీఎస్టీ, డెలివరీ షేర్లు అమ్మినప్పుడు పడే డీపీ ఛార్జీ కలిపితే ఇంట్రాడే ట్రేడ్‌కి సుమారు 118 రూపాయలు, డైలీకి 105, వీక్లీకి 55 అవుతాయి. ఇంత వరకు పెద్ద తేడా లేదనిపిస్తుంది.

మరి స్లిప్పేజీ? మీరు అనుకున్న ధరకీ దొరికిన ధరకీ మధ్య తేడా. 800 రూపాయల షేరులో కొనేటప్పుడు 40 పైసలు, అమ్మేటప్పుడు 40 పైసలు పోయాయనుకోండి. డైలీ ట్రేడ్‌లో 50 షేర్లకి 40 రూపాయలు. ఇంట్రాడేలో 250 షేర్లకి 200 రూపాయలు. అంటే ఇంట్రాడేలో ఒక్కో ట్రేడ్‌కి 318 పోతుంది, 2,000 రిస్క్‌లో దాదాపు 16 శాతం. డైలీలో 145.

నెలకి ఎన్ని ట్రేడ్‌లు అన్నది కలిపితే అసలు తేడా బయటపడుతుంది. రోజుకి రెండు చొప్పున ఇరవై రోజులు ఇంట్రాడే చేస్తే నెలకి 12,700 రూపాయలు ఖర్చు, 2 లక్షల ఖాతాలో ఆరు శాతం పైగా. నెలకి నాలుగు డైలీ ట్రేడ్‌లకి 580. నెలకి ఒక వీక్లీ ట్రేడ్‌కి 75 కూడా కాదు. మార్కెట్‌ని సరిగ్గా చదివినవాడు కూడా ప్రతి నెలా ఆ 12,700 సంపాదించాకే సున్నా దగ్గరకి వస్తాడు.

డైలీ చార్టుతో ఉద్యోగస్తుడి రోజు ఎలా ఉంటుంది?

అన్నం తిన్నాక రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య అరగంట చాలు. ముందే ఎంచుకున్న ఇరవై ముప్పై షేర్ల చార్టులు తిప్పి, మీ నియమానికి సరిపోయినవి ఒకటో రెండో పక్కన పెడతారు. ఆ షేరు ఫలితాలు ఏ తేదీన ఉన్నాయో ఎక్స్ఛేంజ్ సైట్‌లో చూస్తారు. ఎన్ని షేర్లో లెక్క వేసి ఆర్డర్ పెట్టి పడుకుంటారు. మార్కెట్ మూసిన తర్వాత కూడా మర్నాటికి ఆర్డర్ పెట్టే వీలు చాలా బ్రోకర్ యాప్‌లలో ఉంటుంది.

కొన్న తర్వాత స్టాప్‌లాస్‌కి GTT పెట్టుకుంటారు, అంటే మీరు చెప్పిన ధర తాకినప్పుడు దానంతటదే వెళ్లే ఆర్డర్. ఒకసారి పెడితే ఏడాది దాకా ఉంటుందని చాలామంది నిశ్చింతగా ఉంటారు. దీంట్లో మూడు చోట్ల తప్పు జరుగుతుంది, మూడూ మీరు పనిలో ఉన్నప్పుడే జరుగుతాయి.

ఒకటి, డీమాట్‌లోని షేర్లు అమ్మడానికి బ్రోకర్‌కి ముందే ఇచ్చే అనుమతి పత్రం, డీడీపీఐ, ఇవ్వకపోవడం. అది ఇవ్వకపోతే షేర్లు అమ్మాలంటే టీపిన్, ఓటీపీ కొట్టాలి. స్టాప్ ధర తాకుతుంది, GTT ఆర్డర్ పంపుతుంది, అనుమతి లేదని అది తిరస్కరణ అవుతుంది. మీరు మీటింగ్‌లో ఉంటారు, సాయంత్రం మెయిల్ చూసుకుంటారు. డైలీ, వీక్లీ చేయాలనుకునే ఉద్యోగి మొదట చేయాల్సిన పని డీడీపీఐ పూర్తి చేసుకోవడం.

రెండు, ట్రిగ్గర్ ధర, లిమిట్ ధర రెండూ ఒకటే పెట్టడం. 760కి ట్రిగ్గర్, 760కే లిమిట్ పెట్టారు. షేరు 752 దగ్గర తెరిచింది. ట్రిగ్గర్ తాకింది, 760 కంటే తక్కువకి అమ్మొద్దన్నారు కాబట్టి ఆర్డర్ అలాగే వేలాడుతూ ఉంటుంది. లిమిట్‌ని ట్రిగ్గర్ కంటే రెండు మూడు శాతం కింద పెట్టుకుంటే మామూలు గ్యాప్‌లో అమ్ముడవుతుంది. లిమిట్ కింద పెట్టినంత మాత్రాన ఆ తక్కువ ధరకే పోదు, అప్పుడు మార్కెట్లో దొరికే ధరకి పోతుంది.

మూడోది ఎక్కువమందికి తెలియదు. ట్రిగ్గర్ తాకాక వెళ్లే ఆర్డర్ ఆ ఒక్క రోజుకే. ఆ రోజు అమ్ముడవకపోతే సాయంత్రం రద్దయిపోతుంది, GTT కూడా వాడేసినట్టే లెక్క. మర్నాటి నుంచి మీ షేర్లకి స్టాపే ఉండదు. ట్రిగ్గర్ అయినట్టు మెసేజ్ వచ్చిన రోజు సాయంత్రం షేర్లు నిజంగా అమ్ముడయ్యాయో లేదో హోల్డింగ్స్‌లో చూసుకోవాలి.

రాత్రి పొజిషన్ పెట్టుకుని పడుకుంటే నిద్ర పట్టదు. గ్యాప్ పడితే?

భయం న్యాయమైనదే. 2024 జనవరి 16 సాయంత్రం మార్కెట్ మూసాక హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ ఫలితాలు వచ్చాయి. మర్నాడు ఆ షేరు ఒక్క రోజులో 8 శాతం పైగా పడింది. చిన్నాచితకా షేరు కాదు, దేశంలో అతిపెద్ద ప్రైవేటు బ్యాంకు. గ్యాప్ ముందు స్టాప్‌లాస్‌కి ఏ శక్తీ లేదు.

కానీ ఆ గ్యాప్ మిమ్మల్ని ఎంత కొడుతుందన్నది స్టాప్ దూరం కాదు, షేర్ల సంఖ్య తేలుస్తుంది. పైన చెప్పిన 800 రూపాయల షేరే తీసుకోండి. ఫలితాలు బాగాలేక పొద్దున 720 దగ్గర తెరిచింది. డైలీ ట్రేడ్ స్టాప్ 760, అది దాటిపోయింది, 50 షేర్ల మీద 80 చొప్పున 4,000 పోయింది, అనుకున్నదానికి రెండింతలు. వీక్లీ ట్రేడ్ స్టాప్ 710, అది ఇంకా తాకనే లేదు. 22 షేర్ల మీద కాగితం మీద నష్టం 1,760. కళ్లకి దూరపు స్టాప్ భయంకరంగా కనిపిస్తుంది కానీ, తక్కువ షేర్లతో కూడిన దూరపు స్టాప్ ఇలాంటి రాత్రిని మెరుగ్గా తట్టుకుంటుంది.

ఇంట్రాడే వాడికి ఈ గొడవ లేదన్నది నిజం. ఆ ఒక్క విషయంలో ఇంట్రాడేది పైచేయి. డైలీ చేసేవాళ్లు ఫలితాల ముందురోజు సగం అమ్ముకోవడమో, పూర్తిగా బయటికి రావడమో చేస్తే పెద్ద గ్యాప్‌లలో చాలావాటిని తప్పించుకోవచ్చు.

ఒక కొలత చెప్తాను. రాత్రి పదకొండింటికి యాప్ తెరిచి, మూసి ఉన్న మార్కెట్లో మీ పొజిషన్ ధర చూసుకుంటున్నారా? అయితే టైమ్‌ఫ్రేమ్ మార్చే ముందు షేర్ల సంఖ్య సగం చేయండి. చాలామందికి తప్పు క్యాండిల్ సైజులో ఉండదు, పొజిషన్ సైజులో ఉంటుంది.

పగలు కుదరదు కాబట్టి రాత్రి ఎంసీఎక్స్‌లో క్రూడ్ చేస్తే?

సరుకుల ఎక్స్ఛేంజ్ అయిన ఎంసీఎక్స్ రాత్రి 11:30 దాకా, చలికాలంలో అమెరికా గడియారం మారాక 11:55 దాకా నడుస్తుంది. క్రూడ్‌లో అసలు కదలిక మనకి సాయంత్రం ఆరున్నర తర్వాతే. బుధవారం రాత్రి ఎనిమిదింటికి, చలికాలంలో తొమ్మిదింటికి, అమెరికా నిల్వల లెక్కలు వస్తాయి, నిమిషాల్లో ధర ఎగిరి పడుతుంది.

గంటలు కుదురుతాయి సరే, పదింటికి తగిలిన నష్టంతో పదకొండున్నరకి పడుకోబోతే నిద్ర రాదు. ఉదయం ఆఫీసు ఎలాగూ ఆగదు. ఇంట్లో పిల్లలు పడుకునే వేళకి మీరు స్క్రీన్ ముందు కూర్చోవాలన్నది ఇంకో సంగతి. పైగా పెద్ద క్రూడ్ లాట్ 100 బ్యారెళ్లు, రూపాయి కదిలితే వంద. తప్పనిసరిగా చేస్తానంటే 10 బ్యారెళ్ల మినీతో మొదలుపెట్టి, 10 గంటల తర్వాత కొత్త ట్రేడ్ వేయకపోవడం మంచిది.

వీక్లీ చార్టు ఎవరికి?

వారం మధ్యలో అసలు తీరిక లేనివాళ్లకి. డాక్టర్లు, సైట్ ఇంజనీర్లు, చంటిపిల్లలున్న ఇళ్లు. శని, ఆదివారాల్లో ఒక గంట కూర్చుని, సోమవారానికి ఆర్డర్లు పెట్టుకుంటే వారం గడిచిపోతుంది.

దీని కష్టం విసుగు. ఒక్కో ట్రేడ్ రెండు మూడు నెలలు, కొన్నిసార్లు ఆరు నెలలు నడుస్తుంది. ఏడాదికి పది పన్నెండు ట్రేడ్‌లకి మించవు కాబట్టి మీ పద్ధతి పనిచేస్తుందో లేదో తెలియడానికే రెండేళ్లు పడుతుంది. మధ్యలో పదిశాతం లాభం ఐదుకి దిగుతుంది, మళ్లీ పన్నెండుకి ఎక్కుతుంది. రోజూ యాప్ చూసేవాడు ఆ ఐదు దగ్గరే అమ్మేస్తాడు. కాబట్టి వీక్లీ ట్రేడర్ ధర అలర్టులు మాత్రమే పెట్టుకుని యాప్‌ని ఫోన్ మొదటి స్క్రీన్ నుంచి తీసేయాలి. ఇది చిన్న సలహాలా కనిపిస్తుంది, వీక్లీలో సగం పని ఇదే.

నా ఓపిక ఎంతో నాకెలా తెలుస్తుంది?

మనసుని అడిగితే అబద్ధం చెప్తుంది. ట్రేడ్‌లని అడగండి. ఒక నోట్‌బుక్‌లోనో షీట్‌లోనో ప్రతి ట్రేడ్‌కి ఐదు గడులు రాయండి: అనుకున్న ఎంట్రీ ధర, దొరికిన ధర, అనుకున్న ఎగ్జిట్, నిజంగా బయటికి వచ్చిన ధర, దానికి కారణం ఒక్క మాటలో. ఇరవై, ముప్పై ట్రేడ్‌లు అయ్యాక తిరగేయండి.

చాలా ట్రేడ్‌లలో ఎంట్రీ ఆలస్యమైతే, లేదా "మీటింగ్‌లో ఉన్నా", "చూసుకోలేదు" లాంటి కారణాలు కనిపిస్తే, మీ టైమ్‌ఫ్రేమ్ మీ ఉద్యోగం కంటే చిన్నది. ఒక మెట్టు పైకి వెళ్లండి. స్టాపూ తాకక, టార్గెటూ తాకక, మధ్యలోనే "భయమేసింది", "లాభం పోతుందేమోనని" బయటికి వచ్చినవి సగం పైగా ఉంటే, మీ టైమ్‌ఫ్రేమ్ మీ ఓపిక కంటే పెద్దదో, పొజిషన్ పెద్దదో అయి ఉంటుంది. ముందు పొజిషన్ సగానికి తగ్గించి ఇంకో పది ట్రేడ్‌లు చూడండి. అప్పటికీ అదే జరిగితే టైమ్‌ఫ్రేమ్ మార్చాలి. ఏదీ కాకుండా స్టాప్‌లే ఎక్కువ తగులుతుంటే తప్పు పద్ధతిలో ఉంది, క్యాండిల్ సైజు మార్చి లాభం లేదు.

ఇంట్రాడేకి కొన్నది నష్టంలో ఉంటే డెలివరీకి మార్చుకోవచ్చా?

యాప్‌లో వీలుంది, ఇంట్రాడేకి పెట్టే MIS నుంచి డెలివరీకి పెట్టే CNC కి ఒక్క బటన్. చేయకూడనిది కూడా ఇదే.

పై లెక్కలో ఇంట్రాడేకి 250 షేర్లు కొన్నారు, స్టాప్ 8 రూపాయలు. స్టాప్ తాకే ముందు "మంచి కంపెనీయే కదా" అనిపించి మూడింటికి డెలివరీకి మార్చారు. పూర్తి డబ్బు ఖాతాలో ఉండాలి కాబట్టి 2 లక్షలూ ఒక్క షేరులో ఇరుక్కున్నాయి. ఇప్పుడు ఇది డైలీ ట్రేడ్. డైలీ ట్రేడ్‌కి మీ రిస్క్ ప్రకారం ఉండాల్సింది 50 షేర్లు, మీ దగ్గర ఉన్నవి 250. డైలీ స్టాప్ 40 రూపాయల దగ్గర పెడితే పోయేది 10,000. మర్నాడు 720 గ్యాప్ పడితే 20,000, ఖాతాలో పదో వంతు, ఒక్క రాత్రిలో. ఇంట్రాడే పెరట్లో నాటిన మొక్కని డైలీ పొలంలోకి మారిస్తే వేళ్లు కుదురుకోవు.

ఒక ట్రేడ్ ఏ టైమ్‌ఫ్రేమ్ మీద కొన్నారో అదే టైమ్‌ఫ్రేమ్ మీద అమ్మాలి. తిరగేసి చేయడం వేరే సంగతి: వీక్లీ చార్టులో దిశ చూసి, డైలీలో ఎంట్రీ వెతుక్కోవచ్చు. స్టాప్, షేర్ల సంఖ్య మాత్రం రెంటిలో ఏదో ఒకదాని ప్రకారమే ఉండాలి, ముందే రాసుకోవాలి.

గవర్నమెంట్ ఉద్యోగినండి. ఏ టైమ్‌ఫ్రేమ్ అయినా పర్వాలేదా?

పర్వాలేదని అనుకోవద్దు. కేంద్ర ఉద్యోగులకి వర్తించే 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 16వ నియమం షేర్లలో స్పెక్యులేషన్ చేయకూడదంటుంది. తరచుగా కొనడం, అమ్మడం, లేదా రెండూ స్పెక్యులేషన్ కిందకే వస్తాయని వివరణ కూడా అందులోనే ఉంది. ఇంట్రాడే నేరుగా దీని కిందకి వస్తుంది. రాష్ట్ర ఉద్యోగులకి వేరే నియమావళి ఉంటుంది, మీ డిపార్ట్‌మెంట్‌లో అడిగి తెలుసుకోండి. మీ విషయంలో వీక్లీ, అంతకు మించి కాలం పెట్టుకునే పెట్టుబడి తప్ప మిగతావాటి జోలికి వెళ్లకపోవడం క్షేమం.

ప్రైవేటులో కూడా బ్యాంకులు, ఆడిట్ సంస్థలు, కొన్ని కన్సల్టింగ్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకి ముందస్తు అనుమతి, కనీసం ఇన్ని రోజులు ఉంచుకోవాలన్న షరతులు ఉండొచ్చు. లిస్టెడ్ కంపెనీలో డెజిగ్నేటెడ్ పర్సన్ జాబితాలో ఉంటే, సొంత కంపెనీ షేరు కొన్నాక ఆరు నెలల లోపు అమ్మకూడదు. త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు వచ్చి 48 గంటలయ్యే దాకా ట్రేడింగ్ విండో మూసే ఉంటుంది. అలాంటి షేరు ఏ టైమ్‌ఫ్రేమ్‌కీ పనికిరాదు.

డల్లాస్‌లో ఉంటాం. అక్కడ నుంచి ఇండియా మార్కెట్ ఎలా?

మన 9:15 డల్లాస్‌లో వేసవిలో రాత్రి 10:45, మూసేది తెల్లవారుజామున ఐదు. చలికాలంలో గంట ముందుకి. నిద్ర గంటల్లోనే మార్కెట్ మొత్తం నడుస్తుంది. ఎలాగూ ఎన్‌ఆర్‌ఐలు మన క్యాష్ మార్కెట్లో ఇంట్రాడే చేయకూడదు, డెలివరీ తీసుకోవాల్సిందే. కాబట్టి ఎంపిక డైలీ, వీక్లీల మధ్యే. శుక్రవారం తెల్లవారేసరికి వారపు క్యాండిల్ మూసుకుని, వారాంతమంతా మీ చేతిలో ఉంటుంది కాబట్టి వీక్లీ మీకు చక్కగా సరిపోతుంది.

టాక్స్ కూడా టైమ్‌ఫ్రేమ్‌ని బట్టి మారుతుందా?

మారుతుంది. ఇంట్రాడే లాభం స్పెక్యులేటివ్ వ్యాపార ఆదాయం, జీతంతో కలిసి మీ స్లాబ్‌లో పడుతుంది. నష్టమొస్తే అలాంటి లాభంతోనే సర్దుకోవాలి, నాలుగేళ్ల దాకా ముందుకి తీసుకెళ్లవచ్చు. జీతగాళ్లు మామూలుగా వేసే సులువైన రిటర్న్ కాకుండా ఐటీఆర్-3 వేయాలి, చాలామందికి ఇది జూలైలోనే గుర్తొస్తుంది. డెలివరీలో కొని 12 నెలల లోపు అమ్మితే లాభం మీద 20 శాతం. ఏడాది దాటితే 1.25 లక్షల పైన ఉన్నదానికి 12.5 శాతం. 30 శాతం స్లాబ్‌లో ఉన్న ఉద్యోగికి ఇంట్రాడేలో వచ్చిన లక్షకీ, డైలీలో వచ్చిన లక్షకీ చేతికి మిగిలేదాంట్లో పదివేల పైచిలుకు తేడా ఉంటుంది.

ఇప్పుడు ఇంట్రాడే చేస్తున్నా. డైలీకి మారాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు డీడీపీఐ. తర్వాత ఇంట్రాడే డబ్బుని అలాగే డైలీలో దించకుండా, 2 లక్షల ఖాతాకి 1,000 రూపాయల రిస్క్‌తో, ఒక్కో ట్రేడ్‌లో 25 షేర్లతో మొదలుపెట్టండి. ఒకేసారి రెండు పొజిషన్లకి మించొద్దు. మొదటి వారాల్లో పగలు చార్టు తెరవాలని చేతులు పీకుతాయి, అందుకని యాప్‌లో ఐదు నిమిషాల చార్టు కాకుండా డైలీ డిఫాల్ట్‌గా ఉండేలా మార్చుకోండి. రెండు రకాలూ ఒకే ఖాతాలో నడపకండి. డైలీలో ఉన్న షేరునే మధ్యాహ్నం ఇంట్రాడేకి కూడా కొని, ఏది ఏదో తెలియక పొరపాటున మొత్తం అమ్మేసుకున్నవాళ్లు ఉన్నారు. ఇంట్రాడే పూర్తిగా మానలేకపోతే దానికి వేరే బ్రోకర్ దగ్గర 20,000తో చిన్న ఖాతా తెరిచి, నెలాఖరున రెండు ఖాతాల స్టేట్‌మెంట్లూ పక్కపక్కన పెట్టి, లాభనష్టాల కంటే ముందు ఛార్జీల వరుస చూడండి.